బాత్‌రూమ్‌లో మురుగు వాసన, గుడగుడ శబ్దం: నీటి సీలు, వెంట్ పైపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అపార్ట్‌మెంట్లలో ప్లంబింగ్ పనులు చేయిస్తుంటాను. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేవి రెండు: బాత్‌రూమ్‌లో కంపు వస్తోందని, జాలీ దగ్గర గుడగుడమంటోందని. ఈ రెండింటికీ మూలం చాలా ఇళ్లలో ఒకటే కావడం వల్ల జవాబులన్నీ ఒకేచోట రాస్తున్నాను.

రోజూ ఫినాయిల్ వేసి కడుగుతున్నాం. అయినా వాసన ఎందుకు పోదు?

ఆ వాసన మీ గచ్చు మీద పుట్టినది కాదు కాబట్టి. జాలీ కింద ఉన్న పైపు నేరుగా మురుగు కాలువ దాకానో, సెప్టిక్ ట్యాంకు దాకానో వెళుతుంది. అక్కడ మలినాలు కుళ్ళి వాయువులు పుడతాయి. కుళ్ళిన గుడ్ల వాసన వేసేది వాటిలోని హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ వాయువులకూ మీ బాత్‌రూమ్‌కూ మధ్య తలుపు లేదు, మూత లేదు. ఉన్నదల్లా కాసిని నీళ్లు. ఆ నీళ్లు ఉన్నంతసేపు వాసన రాదు, అవి పోయిన రోజున ఎంత ఫినాయిల్ పోసినా ఆగదు. ఫినాయిల్ పోశాక కాసేపు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. దాంతోపాటు మీరు బకెట్ నీళ్లు కూడా పోశారు కదా, ఆ గుణం నీళ్లది.

ఆ నీళ్లు ఎక్కడ నిలుస్తాయి?

జాలీ కింద బిగించే గిన్నెలాంటి భాగాన్ని ఫ్లోర్ ట్రాప్ అనో, నహానీ ట్రాప్ అనో అంటారు. వాష్ బేసిన్ కింద వంపు తిరిగిన పైపు కూడా ట్రాపే. కమోడ్‌కైతే ఆ వంపు పింగాణీలోనే ఉంటుంది. పైపును కిందికి వంచి మళ్లీ పైకి లేపితే, పారిన నీళ్లలో చివరి కాసిన్ని ఆ వంపులో నిలిచిపోతాయి. అదే నీటి సీలు. ఈ వంపు ఆలోచనకు 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలు దాటినా దీన్ని మించినది రాలేదు, ఎందుకంటే ఇందులో అరిగిపోయే భాగమే లేదు. వాడిన ప్రతిసారీ పాత నీళ్లు పోయి కొత్త నీళ్లు చేరతాయి.

నీటి సీలు లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడు వేళ్ల మందం. వాసనను ఆపడానికి అది చాలు. గాలి ఒత్తిడికి మాత్రం అది చాలా పలచని అడ్డు. మన చుట్టూ ఉన్న గాలి పది మీటర్లకు పైగా ఎత్తున్న నీటి స్తంభాన్ని నిలబెట్టగలదు. మన సీలు అందులో రెండు వందల్లో ఒక వంతు. పైపులో గాలి ఒత్తిడి అర శాతం అటూ ఇటూ అయినా ఆ నీళ్లు కదిలిపోతాయి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

మా ఇంట్లో సీలు పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

వాసన వచ్చే జాలీలో నెమ్మదిగా రెండు మగ్గుల నీళ్లు పోసి, కిటికీ తెరిచి, అరగంట ఆగండి. తర్వాత ఏం జరుగుతుందన్నదే మీకు జవాబు చెబుతుంది.

వాసన ఆగిపోయి, మళ్లీ కొన్ని వారాల వరకు రాకపోతే నీళ్లు ఆవిరైపోయాయని అర్థం. అతిథుల గదిలో ఎవరూ వాడని బాత్‌రూమ్‌లో, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండల్లో, ఇది మామూలే. వాసన ఆగి, కొన్ని గంటల్లోనో మర్నాటికో తిరిగి వస్తే మాత్రం నీళ్లను ఏదో లాగేస్తోంది. పైపులో గాలి లాగుతూ ఉండవచ్చు, ట్రాప్ పగిలి కారుతూ ఉండవచ్చు, లేదా ఒక పొడుగాటి వెంట్రుకల పోగు ట్రాప్ అంచు మీదుగా అవతలికి వేలాడుతూ ఉండవచ్చు. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు ఆ పోగు నీళ్లను చుక్కచుక్కగా అవతలికి దింపేస్తుంది. చాలామంది దీన్ని నమ్మరు, కానీ వెంట్రుకలు తీసేశాక వాసన మాయమైన బాత్‌రూమ్‌లు నేను చాలానే చూశాను.

ఇక ట్రాప్ నిండా నీళ్లు కనిపిస్తున్నా వాసన వస్తూనే ఉంటే, ఆ జాలీని వదిలేయండి. వాసన వేరే దారిలో వస్తోంది. ఆ దారుల గురించి కింద రాశాను.

గుడగుడ శబ్దం దేనిది?

నీటి సీలును చీల్చుకుంటూ గాలి బుడగ దాటిపోయే చప్పుడు అది. శబ్దం కన్నా అది ఎప్పుడు వస్తుందన్నది ముఖ్యం.

మీ బేసిన్‌లో నీళ్లు వదిలినప్పుడు చివర్లో అదే బేసిన్ గుడగుడమంటే, తన నీళ్లు పోతూ పోతూ తన సీలునే లాక్కుపోతున్నాయన్నమాట. లేదా ఆ పైపులోనే సగం అడ్డు ఉండవచ్చు. మీరు ఏమీ వాడకుండానే, పై ఇంట్లోనో కింది ఇంట్లోనో ఫ్లష్ చేసినప్పుడు మీ జాలీ గుడగుడమంటే తప్పు మీ ట్రాప్‌ది కాదు, అందరికీ కలిసిన నిలువు పైపుది.

ఆ నిలువు పైపులో అడ్డు ఉందా, గాలి అందడం లేదా అన్నది తేల్చడానికి కింద ఉన్న చాంబర్ మూత తీసి చూడాలి. నీళ్లు నిలిచి ఉంటే ముందు అడ్డు తీయించండి. చాంబర్ అడుగు శుభ్రంగా కనబడుతూ నీళ్లు చక్కగా పారిపోతుంటే, అప్పుడు మేడ మీదికి వెళ్లాలి.

ఎవరో ఫ్లష్ చేస్తే మా జాలీలో నీళ్లు ఎందుకు పోతాయి?

నిలువు పైపులో నీళ్లు పైపు నిండా పడతాయని అనుకుంటాం. నిజానికి అవి గోడను అంటిపెట్టుకుని ఒక పొరలా జారతాయి. మధ్యలో గాలి ఉంటుంది. వేగంగా పోయే బస్సు వెనక ఎండుటాకులు కొట్టుకుపోయినట్టు, జారే నీళ్ల వెంట ఆ గాలి కూడా కిందికి పోతుంది. పోయిన గాలి స్థానంలోకి కొత్త గాలి పైనుంచి రావాలి. రాకపోతే పైపులో వెలితి ఏర్పడి, దగ్గరలో ఏ ట్రాప్ దొరికితే ఆ ట్రాప్‌లోంచి గాలిని పీలుస్తుంది. అలా పీల్చినప్పుడు సీలు నీళ్లు కూడా పోతాయి.

పైపు అడుగున దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. నిలువుగా వచ్చిన నీళ్లు మలుపు దగ్గర వేగం తగ్గి, ఎత్తు పెరిగి, పైపును దాదాపు మూసేస్తాయి. వాటి వెంట వచ్చిన గాలికి ముందుకు దారి ఉండదు. అది వెనక్కి తన్ని, అడుగు అంతస్తు ట్రాప్‌లోంచి బుడగలుగా పైకి వస్తుంది. అందుకే ఒకే పైపు మీద ఉన్న పై అంతస్తువారు ట్రాప్ ఎండిపోతోందని, కింది అంతస్తువారు బుడగలు వస్తున్నాయని చెబుతారు.

వెంట్ పైపు పని ఏమిటి?

ఆ కొత్త గాలిని అందించడం. నిలువు మురుగు పైపు పై అంతస్తు దగ్గర ఆగిపోకుండా డాబా మీదికి లేచి, తెరిచిన నోటితో ఆకాశంలోకి చూస్తూ ఉండాలి. పక్షులు గూడు పెట్టకుండా నోటికి చిల్లుల టోపీ ఒకటి తొడుగుతారు. దాన్నే కౌల్ అంటారు. మురుగు వాయువులు ఇంట్లోకి కాకుండా పైకి పోవడానికి కూడా అదే దారి. పెద్ద భవనాల్లో నిలువు పైపు పక్కనే గాలికోసం మరొక పైపు వేసి, అంతస్తుల దగ్గర రెండింటినీ కలుపుతారు.

చూడటానికి ఉత్త పైపులా ఉంటుంది, అందులోంచి నీళ్లు పారవు. అందుకే ఇది పనికిరానిదనుకుని కోసేసేవారు, మూసేసేవారు ఎక్కువ.

నిజంగా వెంట్ పైపు మూసేస్తే ఇంత తేడా వస్తుందా? మీరు చూసిన ఉదాహరణ చెప్పగలరా?

విజయవాడలో, కింద పార్కింగు పోను ఐదు అంతస్తులున్న ఒక భవనం. ఐదో అంతస్తు ఇంట్లో ఒక బాత్‌రూమ్‌లో ఉదయాలు భరించలేని కంపు. వారు రెండుసార్లు జాలీ మార్చారు, యాసిడ్ పోశారు, చివరికి టైల్స్ పగలగొట్టి ట్రాప్ మార్పిద్దామన్న ఆలోచనకు వచ్చారు. అదే పైపు మీద ఉన్న మొదటి అంతస్తువారు జాలీ దగ్గర బుడబుడమని నీళ్లు చిమ్ముతున్నాయని చెబుతున్నారు. రెండు ఇళ్లవారూ ఇవి వేరువేరు సమస్యలనే అనుకున్నారు.

ఐదో అంతస్తులో ఉదయం 6 గంటలకు ట్రాప్‌లో నీళ్లు పోసి నింపాను. టైలు అంచు నుంచి నీటి మట్టం దాకా స్టీలు స్కేలుతో కొలిస్తే 70 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ బాత్‌రూమ్ ఎవరూ వాడకుండా తలుపు వేయించాను. తడిపిన పల్చని పాలిథీన్ కవరు ఒకటి జాలీ మీద పరిచి పక్కనే కూర్చున్నాను. కింది ఇళ్లలో ఫ్లష్ చేసినప్పుడల్లా ఆ కవరు మధ్యలో గుంటపడి, మళ్లీ మెల్లగా లేచేది. కింద ఎవరో లాగుతున్నట్టే ఉంది. ఏడున్నరకు మళ్లీ కొలిస్తే 104. గంటన్నరలో మట్టం 34 మిల్లీమీటర్లు దిగింది. 50లో మిగిలింది 16. ఆ తర్వాత వచ్చిన ఒకటి రెండు పెద్ద ఫ్లష్‌లకు గుడగుడమని అదీ పోయింది, వెంటనే వాసన మొదలైంది.

మేడ మీదికి వెళ్లి చూస్తే ఆ వరుస వెంట్ పైపును మోకాలెత్తున కోసి, ఎండ్ క్యాప్ బిగించి ఉన్నారు. కారణం అడిగితే తెలిసింది: అక్కడ వేసవిలో వడియాలు ఎండబెడతారు, బట్టలు ఆరేస్తారు. పైపులోంచి వాసన వస్తోందని ఎవరో మూయించారు. వారి బాధ నిజమే. కానీ దానికి చేయవలసింది మూయడం కాదు, ఎత్తు పెంచడం. క్యాప్ తీసి, మనిషి ఎత్తుకు బాగా పైకి వెళ్లేలా పైపు పొడిగించి, కౌల్ పెట్టి, గోడకు క్లాంపులతో బిగించాం. మర్నాడు అదే సమయంలో కొలిస్తే మట్టం దిగింది 4 మిల్లీమీటర్లు మాత్రమే. టైల్స్ ఒక్కటి కూడా పగలగొట్టలేదు.

మరి మొదటి అంతస్తు బుడగలు?

పోలేదు. ఇది చెప్పితీరాలి, ఎందుకంటే వెంట్ పైపు సరిచేస్తే అన్నీ సరిపోతాయని మాట ఇచ్చేవారున్నారు. డాబా మీది నోరు పీల్చుడును మాన్పుతుంది. అడుగున మలుపు దగ్గర వెనక్కి తన్నే గాలికి అది చాలా దూరం. అక్కడ రెండు పనులు చేశాం. మొదటి అంతస్తు బాత్‌రూమ్ పైపును ఆ నిలువు పైపు నుంచి విడదీసి, పార్కింగు కప్పు కింద వేరే పైపుగా తీసుకెళ్లి నేరుగా చాంబర్‌లో కలిపాం. అడుగున ఉన్న ఒక్క 90 డిగ్రీల బెండు తీసి, రెండు 45 డిగ్రీల బెండ్లు వేశాం. మలుపు మెల్లగా తిరిగితే నీళ్లు అక్కడ అంతగా గుమికూడవు. దాంతో బుడగలు ఆగాయి. కొత్తగా కట్టేవారైతే అడుగు అంతస్తుకు మొదటి నుంచే విడి పైపు వేయించుకోండి. అప్పుడు అయ్యే ఖర్చు కొన్ని మీటర్ల పైపు మాత్రమే.

మా వెంట్ పైపు తెరిచే ఉంది. అయినా పీలుస్తోంది. ఎందుకు?

తెరిచి ఉన్నట్టు కనిపించడం వేరు, లోపల దారి ఉండటం వేరు. కందిరీగల గూడు, పక్షి గూడు, కౌల్ చిల్లుల్లో పేరుకున్న మట్టి, ఇవన్నీ చూశాను. కొన్నిచోట్ల తర్వాత మరో అంతస్తు వేసినప్పుడు పాత వెంట్ పైపు కొత్త గదిలో గోడ వెనక ఆగిపోయి ఉంటుంది. డాబా మీద కనబడే పైపు మీ వరుసదేనా అన్నది కూడా తేల్చుకోండి. కౌల్ తీసి పైనుంచి ఒక బకెట్ నీళ్లు ఒక్కసారిగా కాక సన్నగా పోయించి, కింద చాంబర్ దగ్గర మరొకరిని నిలబెడితే ఆ పైపు ఎక్కడికి దిగుతుందో తెలిసిపోతుంది.

ట్రాప్ నిండా నీళ్లున్నా వాసన వస్తోందన్నాం. ఆ వేరే దారులు ఏవి?

మొదట వాష్ బేసిన్ కింద వంగి చూడండి. ముడతల ప్లాస్టిక్ గొట్టం ఒకటి గోడలోనో నేలలోనో ఉన్న పైపులోకి ఊరికే దూర్చి ఉంటుంది. గొట్టం సన్నం, పైపు వెడల్పు. చుట్టూ వేలు దూరేంత సందు. ఆ గోడ పైపు ఫ్లోర్ ట్రాప్‌లోకి వెళితే భయం లేదు. నేరుగా మురుగు పైపులో కలిసి ఉంటే మాత్రం బేసిన్ కింద ఎంత మంచి బాటిల్ ట్రాప్ ఉన్నా వాసన ఆ సందులోంచి వస్తూనే ఉంటుంది. రబ్బరు అడాప్టరు పెట్టి ఆ సందు మూయాలి. వాషింగ్ మెషీన్ గొట్టం దూర్చిన పైపు దగ్గరా ఇదే తప్పు జరుగుతుంది.

రెండోది, జాలీ కింద ఉండే బోర్లించిన గిన్నెలాంటి మూత. కొన్ని ట్రాపుల్లో ఆ మూత అంచు నీళ్లలో మునిగి ఉండటమే సీలు. శుభ్రం చేసేటప్పుడు దాన్ని తీసి, నీళ్లు త్వరగా పోతున్నాయి కదా అని పక్కన పెట్టేస్తారు. అది లేకపోతే ఆ ట్రాప్‌లో ఎన్ని నీళ్లున్నా సీలు లేనట్టే. బొద్దింకలు వచ్చేదీ ఆ దారినే.

మూడోది కమోడ్ పాదం. కమోడ్‌ను మురుగు పైపుతో కలిపే చోట రబ్బరు కనెక్టరు జారినా, సిమెంటు చీలినా వాసన నేల అంచు నుంచి వస్తుంది. కమోడ్ మీద కూర్చున్నప్పుడు అది కొద్దిగా కదిలినట్టు అనిపిస్తే ముందు అక్కడే అనుమానించండి.

కమోడ్‌లో నీటి మట్టం ఒక్కోసారి తక్కువగా కనిపిస్తోంది. పాడైందా?

కమోడ్ పాడవలేదు. అది మీకు ఉచితంగా దొరికిన కొలబద్ద. ఫ్లష్ తర్వాత నీళ్లు ఎక్కడ నిలుస్తాయో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, ఒక పూట వాడకుండా ఉంచి చూడండి. గీత కన్నా దిగితే పైపు పీలుస్తోంది. పై ఇంట్లో ఫ్లష్ చేసినప్పుడు నీళ్లు ఊగిసలాడినా అదే సూచన. పెద్ద గాలివాన రోజున డాబా మీది పైపు నోటి మీదుగా గాలి వీచి నీళ్లు కాస్త కదలడం మాత్రం సహజం.

మాది సెప్టిక్ ట్యాంకు ఇల్లు. తేడా ఉందా?

గాలి లెక్క అదే. అదనంగా, ట్యాంకులో వాయువులు రాత్రింబవళ్లు పుడుతూనే ఉంటాయి. ట్యాంకు వెంట్ పైపు మూసుకుపోతే వాటికి మిగిలే దారి మీ ట్రాప్‌లే. ఇంటి పక్కన వాసన వస్తోందని ఆ పైపు నోట్లో గుడ్డ కుక్కిన ఇళ్లు చూశాను. ఇక్కడా చేయవలసింది ఎత్తు పెంచడమే, కిటికీలకు దూరంగా, ఇంటి కప్పుకు పైన ఉండేలా.

ట్యాంకు మూత తీసి లోపలికి వంగి చూడకండి, ఎవరినీ దిగనివ్వకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక స్థాయి దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గింది కదా అని దిగినవారు అక్కడే కూలిపోతారు. సెప్టిక్ ట్యాంకులను రక్షణ లేకుండా మనుషులతో శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం ఉన్న ట్యాంకరును పిలవండి.

వాసన రాని జాలీలు, గాలి వాల్వులు కొనమంటున్నారు. పనిచేస్తాయా?

సిలికాన్ నాలుకతో వచ్చే జాలీలు ఎవరూ వాడని బాత్‌రూమ్‌కు ఉపయోగమే, ఆవిరయ్యే వేగం తగ్గుతుంది. రోజూ స్నానం చేసేచోట వెంట్రుకలు, సబ్బు జిడ్డు పట్టి ఆ నాలుక తెరిచినట్టే ఉండిపోతుంది. డాబా దాకా పైపు వేయలేని చోట పెట్టే గాలి వాల్వు లోపలికి గాలిని రానిస్తుంది, బయటికి పోనివ్వదు. పీల్చుడుకు అది మందు. అడుగు అంతస్తు బుడగలకు, సెప్టిక్ ట్యాంకు వాయువులకు కాదు.

యాసిడ్ పోస్తే?

సీలు పోయిన జాలీకి యాసిడ్‌తో ఏ ప్రయోజనమూ లేదు. పైగా మురుగులోని సల్ఫైడులతో యాసిడ్ కలిస్తే ఆ కుళ్ళిన గుడ్ల వాయువే మరింత వెలువడుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ పుడుతుంది. మూసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

వేసవి సెలవులకు నెల రోజులు ఊరు వెళుతున్నాం. ఏం చేయాలి?

బయలుదేరే ముందు ప్రతి జాలీలో, ప్రతి బేసిన్‌లో ఒక మగ్గు నీళ్లు పోసి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. జాలీల్లో ఆ నీళ్ల మీద రెండు మూడు చెంచాల వంట నూనె వేయండి. నూనె తేలి నీళ్లను కప్పేస్తుంది, ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. కమోడ్ మూత దించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి, అది నడుస్తూ ఉంటే గదిలో గాలిని లాగుతూ ట్రాప్‌ను త్వరగా ఎండగడుతుంది. తిరిగి వచ్చాక కిటికీలు తెరిచి, ఒక్కో జాలీలో రెండు మగ్గుల వేడినీళ్లు పోస్తే నూనె పోయి కొత్త నీళ్లు నిలుస్తాయి.